‘కొద్దిసేపటికి’ అంటే ఏడు నిమిషాలు

ప్రమాద నివేదికలో ‘కొద్దిసేపటికి’ అని కనిపిస్తే చదివేవాళ్లు తలా ఒక లెక్క వేసుకుంటారు. రాసిన ఆపరేటర్ మనసులో అది రెండు నిమిషాలు కావచ్చు. సేఫ్టీ ఆఫీసరు దాన్ని పది నిమిషాలుగా తీసుకోవచ్చు. ఆరు నెలల తర్వాత ఆ కాగితం తెరిచే బీమా సర్వేయరుకు అది అరగంటలాగా తోచవచ్చు. ‘చాలా నష్టం’ అన్న మాట కూడా అంతే. వెయ్యి రూపాయల సరుకు పోయినా చాలానే, లక్ష పోయినా చాలానే. ఎవరి లెక్క వాళ్ల దగ్గరే ఉండిపోతుంది కాబట్టి తేడా ఉన్న సంగతి ఎవరికీ తెలియదు. అందరూ ఒకే సంగతి చదివామనుకుంటారు.

ఈ తేడా ఎంత పెద్దదో 1951లో అమెరికా గూఢచార సంస్థ సీఐఏలో బయటపడింది. యుగొస్లావియా మీద దాడి జరిగే అవకాశం గురించి అక్కడి విశ్లేషకులు ఒక అంచనా పత్రం తయారుచేశారు. ఆ అవకాశాన్ని తేలిగ్గా తీసిపారేయలేమన్న అర్థం వచ్చే ఒక మాట అందులో వాడారు. దానికి అంకె ఏమిటని విదేశాంగ శాఖ అధికారి ఒకరు అడిగితే, ఆ పని నడిపిన షెర్మన్ కెంట్ తన మనసులో ఉన్నది నూటికి 65 అన్నాడు. అడిగినాయన ఆశ్చర్యపోయాడు. ఆయన అంతకంటే చాలా తక్కువ అనుకున్నాడు. ఆ తర్వాత కెంట్ ఆ పత్రం రాసిన సహచరులనే ఒక్కొక్కరిని అడిగి చూశాడు. ఒకరు నూటికి 20 అంటే ఇంకొకరు 80 అన్నారు. అందరూ కలిసి కూర్చుని, చర్చించి, ఒప్పుకుని రాసిన మాట అది.

తెలుగులో కాలాన్ని కొలిచే పాత మాటలకు ఒకప్పుడు కచ్చితమైన విలువ ఉండేది. గడియ అంటే 24 నిమిషాలు, జాము అంటే మూడు గంటలు. ఈ రోజు ‘గడియలో వచ్చేస్తా’ అన్నవాళ్లు 24 నిమిషాలు లెక్కపెట్టి రారు. మూర, బారెడు, మోకాలి లోతు కూడా కొలతలుగానే పుట్టాయి కానీ, మోకాలి ఎత్తు మనిషి మనిషికీ మారుతుంది. మాట్లాడుకోవడానికి ఇవి చాలు. ఎదురుగా మనిషి ఉంటాడు, అనుమానం వస్తే అక్కడే అడుగుతాం. నివేదిక చదివేవాళ్లకు ఆ వీలు లేదు. రాసినవాళ్లు అప్పటికి ఇంకో షిఫ్టులోనో ఇంకో ఊళ్లోనో ఉంటారు.

ఒక గోదాములో ప్రమాదం

అస్పష్టమైన మాటను కొలతగా మార్చడం ఎలాగో చూడటానికి ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరి దాకా పట్టుకోవడం మేలు. మందుల తయారీ యూనిట్ల గోదాముల్లో మామూలుగా కనిపించే పరిస్థితుల ఆధారంగా ఊహించి రాసుకున్న ఉదాహరణ ఇది. గోదాములో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ డ్రమ్ములున్నాయి. వాడుకలో దీన్ని ఐపీఏ అంటారు. శానిటైజర్లలోనూ వాడతారు, తేలిగ్గా మండుతుంది. ప్రమాదం జరిగిన సాయంత్రం రాసిన నివేదిక ఇలా ఉంది:

“మధ్యాహ్న భోజనం తర్వాత ఫోర్క్‌లిఫ్ట్ వేగంగా వచ్చి ర్యాక్‌ను బలంగా ఢీకొట్టింది. ఒక డ్రమ్ముకు చిల్లు పడి చాలా ఐపీఏ కారిపోయింది. ఘాటైన వాసన వచ్చింది. కొద్దిసేపటికి సూపర్‌వైజర్‌కు సమాచారం ఇవ్వడం జరిగింది. వెంటనే తగిన చర్యలు తీసుకోవడంతో లీకు అదుపులోకి వచ్చింది. ర్యాక్‌కు బాగా నష్టం జరిగింది. ఒకరికి స్వల్ప గాయమైంది.”

ఇందులో అబద్ధమేమీ లేదనిపిస్తుంది. కానీ ఏడు వాక్యాల్లో ఒక్క అంకె కూడా లేదు. కొలిచి చూస్తే వీటిలో ఒక వాక్యం నిజం కాదని కూడా తేలుతుంది. అది ఏ వాక్యమో కొలతలు వరసగా తీసుకుంటేనే తెలుస్తుంది.

వేళ: ఏ గడియారం ప్రకారం?

‘భోజనం తర్వాత’ అన్న మాటకు బదులు గంటలు, నిమిషాలు రాయాలని అందరికీ తోస్తుంది. ఎక్కువమంది మరిచిపోయేది ఆ వేళ ఏ గడియారంలోదన్నది. ఒక ఫ్యాక్టరీలో సీసీటీవీ రికార్డరుకు ఒక గడియారం, హాజరు మిషనుకు ఒకటి, కంట్రోల్ రూముకు ఒకటి, గేటు దగ్గర గోడకు ఒకటి ఉంటాయి. ఇవన్నీ ఒకే వేళ చూపించడం అరుదు. రికార్డరు గడియారం నెలల తరబడి ఎవరూ సరిచేయకపోతే నిమిషాల తేడా వచ్చేస్తుంది.

ఉదాహరణలో ఫోర్క్‌లిఫ్ట్ ర్యాక్‌ను తాకిన క్షణం సీసీటీవీ తెర మీద 14:12గా కనిపించింది. నివేదిక రాసేవాళ్లు చేయాల్సిన మొదటి పని, రికార్డరు తెరను, నెట్‌వర్క్ నుంచి వేళ తీసుకునే మొబైల్ ఫోనును పక్కపక్కన పెట్టి చూడటం. అలా చూస్తే రికార్డరు మూడు నిమిషాలు ముందుంది. కాబట్టి అసలు వేళ 14:09. నివేదికలో రెండూ రాయాలి: “14:09 (సీసీటీవీలో 14:12, రికార్డరు 3 నిమిషాలు ముందున్నట్టు అదే రోజు సరిచూశారు)”. ఇలా రాస్తే తర్వాత ఎవరు వీడియో చూసినా లెక్క కుదురుతుంది. సరిచూడటం అదే రోజు జరగాలి. నెల తర్వాత ఆ తేడా ఎంత ఉండేదో ఎవరూ చెప్పలేరు.

24 గంటల పద్ధతిలో రాయడానికీ కారణం ఉంది. ‘శుక్రవారం రాత్రి ఒంటిగంటకు’ అంటే వాడుక తెలుగులో శుక్రవారం నిద్రపోయిన రాత్రి. క్యాలెండరు ప్రకారం అది శనివారం. నైట్ షిఫ్టు నివేదికల్లో ఈ ఒక్క మాట వల్ల ఘటన తేదీ 24 గంటలు వెనక్కు పోతుంది. తేదీతో పాటు 01:00 అని రాస్తే సందేహం ఉండదు.

ఇప్పుడు ‘కొద్దిసేపటికి’ సంగతి. సూపర్‌వైజర్‌కు వార్త అందింది ఆఫీసు ల్యాండ్‌లైన్ నుంచి. ఆ కాల్ రికార్డులో ఉన్న వేళ 14:16. ఆ గడియారాన్నీ ఫోనుతో పోల్చి చూస్తే సరిగ్గానే ఉంది. ఢీకొన్నది 14:09కి. అంటే కొద్దిసేపు అన్నది ఏడు నిమిషాలు.

ఆ అంకె కాగితం మీదికి రాగానే ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఏడు నిమిషాలు ఎందుకు పట్టింది? మండే ద్రవాలున్న చోటికి మామూలు మొబైల్ ఫోన్లు తీసుకెళ్లనివ్వరు కాబట్టి డ్రైవరు ఫోను గేటు దగ్గరే ఉంది. గోదాముకు కేటాయించిన వాకీటాకీ ఆఫీసులో చార్జింగులో ఉంది. డ్రైవరు ముందు హెల్పరును పక్కకు తీసి, తర్వాత నడిచి ఆఫీసుకు వెళ్లి ఫోను చేశాడు. ‘కొద్దిసేపటికి’ అన్న మాట ఉన్నంతకాలం ఈ సంగతి బయటికి రాదు. ఆ మాట చదివిన ఎవరికీ ‘ఎందుకు’ అని అడగాలనిపించదు. ఏడు అన్న అంకె మాత్రం అడిగిస్తుంది. రెండో వాకీటాకీ కొనాలన్న సూచన పుట్టేది అక్కడే.

వేగం: రెండు స్తంభాల మధ్య

‘వేగంగా వచ్చింది’ అన్నది అభిప్రాయం. కొలవడానికి స్పీడు గన్ అక్కర్లేదు. దూరం తెలిసిన రెండు గుర్తులు, వీడియో ఉంటే చాలు. గోదాములో రెండు స్తంభాల మధ్య దూరం టేపుతో కొలిస్తే 6 మీటర్లు. ఫోర్క్‌లిఫ్ట్ ముందు చక్రం మొదటి స్తంభం గీతను దాటిన ఫ్రేము నుంచి రెండో గీతను దాటిన ఫ్రేము దాకా లెక్కపెడితే 40 ఫ్రేములు వచ్చాయి. రికార్డరు సెకనుకు 25 ఫ్రేములు తీస్తుంది. అంటే 1.6 సెకన్లలో 6 మీటర్లు. గంటకు 13.5 కిలోమీటర్లు.

ఇక్కడ రెండు జాగ్రత్తలున్నాయి. సెట్టింగులో 25 అని ఉన్నా, కొన్ని రికార్డర్లు నిజంగా దాచేది అంతకంటే తక్కువ ఫ్రేములు. తెర మీద సెకన్లు మారే చోట ఫ్రేములు లెక్కపెట్టి నిర్ధారించుకోవాలి. రెండోది, చక్రం గీతను దాటిన ఫ్రేము కచ్చితంగా ఇదేనని చెప్పడం కష్టం. అటూ ఇటూ కలిపి రెండు ఫ్రేముల తేడా రావచ్చు. 38 ఫ్రేములైతే వేగం 14.2, 42 అయితే 12.9. కాబట్టి నివేదికలో “గంటకు సుమారు 13–14 కి.మీ.; గోదాములో బోర్డు ప్రకారం పరిమితి 8 కి.మీ.” అని రాయడం సరైనది. పక్కనే పరిమితి రాస్తే ‘వేగంగా’ అన్న విశేషణం అవసరం ఉండదు.

ఎంత కారింది?

‘చాలా ఐపీఏ’ అన్నదాన్ని లీటర్లలోకి మార్చడానికి అన్నిటికంటే నమ్మదగిన మార్గం తూకం. డ్రమ్ము వచ్చిన రోజు రసీదు మీద మొత్తం బరువు 178 కిలోలు: ఖాళీ డ్రమ్ము 18, సరుకు 160. ప్రమాదం తర్వాత అదే డ్రమ్మును కాటా మీద పెడితే 130 కిలోలు తూగింది. పోయింది 48 కిలోలు. గది ఉష్ణోగ్రత దగ్గర లీటరు ఐపీఏ బరువు సుమారు 0.785 కిలోలు. కాబట్టి పోయింది దాదాపు 61 లీటర్లు. నీళ్లలాగా కిలో అంటే లీటరే అనుకుంటే ఇక్కడ 13 లీటర్లు తప్పిపోతాయి. బరువు రాశారా, పరిమాణం రాశారా అన్నది కూడా చెప్పాలనడానికి కారణం ఇదే.

ఒక కొలతను ఇంకో దారిలో సరిచూసుకునే వీలుంటే తప్పకుండా వాడుకోవాలి. 200 లీటర్ల ఉక్కు డ్రమ్ములో ఒక సెంటీమీటరు ఎత్తుకు దాదాపు రెండున్నర లీటర్లు పడుతుంది. 160 కిలోలంటే 204 లీటర్లు, అంటే ద్రవం సుమారు 80 సెంటీమీటర్ల ఎత్తున ఉండేది. ఫోర్కు మొన దిగిన చిల్లు డ్రమ్ము అడుగు నుంచి 56 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. దానికి పైనున్న 24 సెంటీమీటర్ల ద్రవమే బయటికి రాగలదు. అదీ సుమారు 61 లీటర్లే. తూకం, టేపు ఒకే మాట చెప్పాయి కాబట్టి అంకెను నమ్మవచ్చు.

మడుగు విస్తీర్ణం కూడా ఇలాగే సరిచూడవచ్చు. నేల మీద తడి సుమారు 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉంది. 12 చదరపు మీటర్లలో 61 లీటర్లు పరుచుకుంటే మందం 5 మిల్లీమీటర్లు. గచ్చు నేల మీద అది కుదిరే లెక్కే. ఒకవేళ తడి మూడు చదరపు మీటర్లే ఉంటే మందం రెండు సెంటీమీటర్లు అవ్వాలి. గట్టు లేని నేల మీద ద్రవం అంత మందంగా నిలవదు. అప్పుడు మిగతాది ఎటు పోయిందని వెతకాలి, మురుగు కాలువ మూతలు తీసి చూడాలి.

మొదటి నివేదికలోని తప్పు వాక్యం దొరికేది ఇక్కడే. ద్రవం చిల్లు దాకా దిగగానే లీకు దానంతట అదే ఆగుతుంది. సీసీటీవీలో ధార 14:21కి ఆగిపోయింది (వేళ సరిచేశాక). పీల్చే ప్యాడ్లతో, ఇసుక బకెట్లతో సిబ్బంది లోపలికి వచ్చింది 14:24కి. ‘వెంటనే తగిన చర్యలు తీసుకోవడంతో లీకు అదుపులోకి వచ్చింది’ అన్న వాక్యం నిజం కాదు. ఎవరూ రాకముందే లీకు ఆగింది. చిల్లు డ్రమ్ము అడుగున పడి ఉంటే దాదాపు 200 లీటర్లు నేల మీద ఉండేవి. ఆ వాక్యం రాసినవాళ్లు మోసం చేయాలనుకోలేదు. వాళ్లు వచ్చి చూసేసరికి లీకు లేదు, చర్యలూ జరిగాయి. రెంటినీ కలిపి రాశారు. వేళలు విడివిడిగా రాసి ఉంటే ఆ కలపడం సాధ్యమయ్యేది కాదు.

వాసన, వంపు, గాయం

‘ఘాటైన వాసన’ ముక్కును బట్టి మారుతుంది. కాసేపు అక్కడే ఉంటే ముక్కు అలవాటు పడిపోతుంది కూడా. మండే ఆవిరి విషయంలో తెలుసుకోవలసింది అది అంటుకునే స్థాయికి ఎంత దగ్గరగా ఉందన్నది. గాలిలో ఐపీఏ ఆవిరి సుమారు 2 శాతం ఉంటే నిప్పు అంటుకోగలదు. ఈ కనీస స్థాయిని ఎల్ఈఎల్ అంటారు. గ్యాస్ డిటెక్టరు ఆ స్థాయిలో ఎన్నో వంతుకు చేరిందో శాతంలో చూపిస్తుంది. ఐపీఏ ఆవిరి గాలి కంటే రెండింతలు బరువు కాబట్టి నేలకు దగ్గరగా కొలవాలి. భుజం ఎత్తున పట్టుకుంటే తక్కువ చూపి మోసం చేస్తుంది. అందుకే అంకెతో పాటు ఎక్కడ, ఎప్పుడు కొలిచారో కూడా ఉండాలి: “14:31కి మడుగు అంచు నుంచి 2 మీటర్ల దూరంలో, నేల నుంచి 30 సెం.మీ. ఎత్తున ఎల్ఈఎల్‌లో 14 శాతం. 15:05కి అదే చోట 2 శాతం.” డిటెక్టరును ఏ గ్యాసుతో సరిచేసి ఉంచారో కూడా పక్కన రాయాలి. మీథేన్‌తో సరిచేసిన పరికరం ఐపీఏ దగ్గర చూపే అంకె వేరుగా ఉంటుంది.

ర్యాక్ స్తంభానికి ‘బాగా నష్టం’ అన్నదానికి కొలత వంపు. ఒక మీటరు పొడవున్న నిటారు పట్టీని స్తంభానికి ఆనించి, మధ్యలో ఖాళీని ఫీలర్ గేజితోనో స్కేలుతోనో కొలుస్తారు. ర్యాకుల తనిఖీకి యూరప్ ప్రమాణం ఈఎన్ 15635 వంపు దిశను బట్టి 3 లేదా 5 మిల్లీమీటర్ల హద్దు పెట్టింది. దానికి రెట్టింపు దాటితే సరుకును అప్పటికప్పుడు దించేయాలి. ఉదాహరణలో ఖాళీ 14 మిల్లీమీటర్లు. ఏ దిశ హద్దుతో చూసినా రెట్టింపు దాటింది. ఆ రాత్రి ఆ ర్యాక్ మీద సరుకు ఉంచవచ్చా లేదా అన్న ప్రశ్నకు ‘బాగా నష్టం’ జవాబు చెప్పదు. 14 మిల్లీమీటర్లు చెబుతుంది.

గాయాన్ని స్వల్పం, తీవ్రం అని పేరు పెట్టే ముందు శరీరంలో ఎక్కడ, ఎంత, ఏ చికిత్స, తిరిగి పనిలోకి ఎప్పుడు అన్న నాలుగూ రాయాలి: “కుడి ముంజేతి బయటి వైపు 4 సెం.మీ. పొడవున చర్మం గీసుకుపోయింది, కుట్లు పడలేదు, ప్రథమ చికిత్స చేశారు, 15:40కి పనిలోకి వచ్చాడు.” చట్టం కూడా గాయాన్ని ఇలాగే కొలుస్తుంది. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 88వ సెక్షను, గాయపడిన మనిషి 48 గంటలు లేదా అంతకుమించి పని చేయలేకపోతే అధికారులకు తెలియజేయాలంది. తిరిగి పనిలోకి వచ్చిన వేళ రాయకపోతే ఆ లెక్క ఎవరూ వేయలేరు.

‘జరిగింది’ వెనక మనిషి

తెలుగు నివేదికల్లో ఇంకో రకం అస్పష్టత ఉంది. దానికి కొలమానం అక్కర్లేదు, కర్త కావాలి. ‘సమాచారం ఇవ్వడం జరిగింది’, ‘చర్యలు తీసుకోవడం జరిగింది’ లాంటి వాక్యాల్లో పని ఉంటుంది, చేసినవాళ్లు ఉండరు. ఆఫీసు భాషలో ఇది మర్యాదగా వినిపిస్తుంది కాబట్టి చెయ్యి దానంతట అదే రాసేస్తుంది. ‘చెప్పారు’, ‘చూశారు’ లాంటి బహువచనాలు కూడా ఇలాగే దాస్తాయి. చెప్పింది గౌరవించదగిన ఒక్కరా, నలుగురా అన్నది తెలియదు.

పేరు రాయడం ఇష్టం లేకపోతే హోదా రాయవచ్చు. “ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు ఆఫీసు ల్యాండ్‌లైన్ నుంచి షిఫ్టు సూపర్‌వైజర్‌కు ఫోను చేశాడు” అన్న వాక్యంలో చేసినవాళ్లు, విన్నవాళ్లు, ఎలా చెప్పారన్నది మూడూ ఉన్నాయి. ‘తగిన చర్యలు’ అన్న చోట చేసిన పనులనే వరసగా పెట్టాలి. విద్యుత్తు ఆపారా? తలుపులు తెరిచారా? ఎన్ని ప్యాడ్లు వాడారు? ‘నలుగురైదుగురు ఉన్నారు’ అన్న జంట అంకెను కూడా వదిలిపెట్టకూడదు. హాజరు రికార్డులో చూస్తే ఆ వేళకు గోదాములో ఉన్నది ముగ్గురే కావచ్చు. ఎవరైనా లోపల చిక్కుకుపోయారా అని వెతికేటప్పుడు ఒక్క మనిషి తేడా కూడా పెద్దదే.

తెలియని అంకెను ఎలా రాయాలి

కొలత కావాలన్న పట్టుదలలో చేయకూడని పని ఒకటుంది. లేని కచ్చితత్వాన్ని కల్పించకూడదు. ఎవరూ గడియారం చూడని చోట ‘14:07’ అని రాస్తే అది ‘కొద్దిసేపటికి’ కంటే ప్రమాదకరం. అస్పష్టమైన మాటను చదివినవాళ్లు కనీసం అనుమానించగలరు. నిమిషంతో సహా రాసిన వేళను ఎవరూ అనుమానించరు.

తెలియనప్పుడు రాయాల్సింది రెండు హద్దులు, వాటికి ఆధారం. హెల్పరు ఎప్పుడు జారిపడ్డాడో కెమెరాలో కనిపించలేదనుకుందాం. ధార మొదలైంది 14:09కి, డ్రైవరు అతన్ని చెయ్యి పట్టుకుని లేపడం కెమెరాలో కనిపించింది 14:11కి. అప్పుడు “14:09కి, 14:11కి మధ్య” అన్నది పూర్తి నిజం. ఒకే ఒక వేళ కావాలని ఫారం అడిగినా, ఈ హద్దులనే రాయాలి.

సుమారు, దాదాపు అన్న మాటల్ని నిషేధించనవసరం లేదు. వాటి పక్కన అంకె, ఆ అంకె ఎలా వచ్చిందన్నది ఉంటే అవి నిజాయతీని చెప్పే మాటలే. “సుమారు 12 చదరపు మీటర్లు (అడుగులతో కొలిచారు)” అన్నది మంచి వాక్యం. “12.37 చదరపు మీటర్లు” అన్నది, ఆకారం సరిగ్గా లేని మడుగుకు, చెడ్డ వాక్యం. అంకె ఎన్ని స్థానాల దాకా రాయాలన్నది కొలిచిన సాధనాన్ని బట్టి ఉంటుంది. అరకిలో దాకా చూపే కాటా మీద గ్రాములు రాయలేం.

చూసినది, విన్నది, అనుకున్నది కూడా విడివిడిగా ఉండాలి. ‘డ్రైవరు పరధ్యానంగా ఉన్నాడు’ అన్నది అనుకున్నది. ‘ఢీకొనే ముందు మూడు సెకన్ల పాటు డ్రైవరు ముఖం ఎడమ వైపు తిరిగి ఉంది (సీసీటీవీ)’ అన్నది చూసినది. రెండో వాక్యం అతని మీద నింద వేయదు. ఎడమ వైపు ఏముందని అడిగే దారి తెరుస్తుంది.

మాటకు ముందే హద్దు

ప్రతి విశేషణాన్నీ తీసేయడం సాధ్యం కాదు. రోజూ వందల మాటలు రాసే చోట పొట్టి పేర్లు కావాలి. దానికి మార్గం మాటకు ముందుగానే హద్దు రాసిపెట్టుకోవడం. వాతావరణ శాఖ చేసేది అదే. టీవీలో ‘భారీ వర్షం’ అన్నది ఊరికే అనే మాట కాదు. 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు పడితేనే భారీ. 115.6 నుంచి 204.4 దాకా అతి భారీ. 204.4 దాటితే అత్యంత భారీ. ‘తీవ్ర గాయం’ అన్న మాటకూ క్రిమినల్ చట్టంలో ఇలాంటి హద్దులున్నాయి. బాధితుడు తీవ్రమైన నొప్పితో ఉన్న రోజులు, లేదా తన మామూలు పనులు చేసుకోలేని రోజులు పాత భారతీయ శిక్షాస్మృతి 320వ సెక్షనులో 20. 2023లో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షను దాన్ని 15కు తగ్గించింది. మాట అదే, హద్దు మారింది. అందుకే హద్దు ఏ తేదీ నాటిదన్నది కూడా ముఖ్యమే.

సంస్థలు తమ పనికి తగ్గట్టు ఇలాంటి పట్టిక ఒక పేజీలో పెట్టుకోవచ్చు. ‘పెద్ద లీకు’ ఎన్ని లీటర్ల నుంచి, ‘వెంటనే’ ఎన్ని నిమిషాల లోపు, ‘పని ఆగింది’ ఎంతసేపటి నుంచి అన్నది అందులో ఉంటుంది. అప్పుడు కూడా నివేదికలో అంకె ఉండాల్సిందే. పేరు వర్గం చెబుతుంది, అంకె ఆ వర్గం సరైనదో కాదో సరిచూసుకోనిస్తుంది.

నష్టాన్ని రూపాయల్లో రాసేటప్పుడు ఇది మరీ అవసరం. ‘చాలా నష్టం’ అన్న ఒక్క మాటలో పోయిన సరుకు, మరమ్మతు ఖర్చు, ఆగిన పని మూడూ కలిసిపోతాయి. వీటిని విడివిడిగా రాయాలి: 48 కిలోల ఐపీఏ కొనుగోలు ధర మీద ఇంత, స్తంభం మార్చడానికి వచ్చిన కొటేషను ఇంత, గోదాము 14:24 నుంచి 17:30 దాకా మూసి ఉన్న 3 గంటల 6 నిమిషాలు. మొదటి అంకె ఆ రోజే తెలుస్తుంది, రెండోది వారం తర్వాత. తెలియని చోట “కొటేషను రావాలి” అని రాసి తేదీ వేయాలి. ఊహించిన మొత్తంతో ఆ గడి నింపకూడదు.

తిరిగి రాసిన నివేదిక

ఇన్ని కొలతలు తీసుకున్నాక నివేదిక పేజీలకొద్దీ పెరుగుతుందని అనిపిస్తుంది. పెరిగేది తక్కువే:

“14:09కి (సీసీటీవీ, సరిచేసిన వేళ) ఫోర్క్‌లిఫ్ట్ గంటకు సుమారు 13–14 కి.మీ. వేగంతో వచ్చి ర్యాక్ స్తంభాన్ని తాకింది. పరిమితి 8 కి.మీ. ఫోర్కు మొన కింది వరసలోని ఐపీఏ డ్రమ్ముకు అడుగు నుంచి 56 సెం.మీ. ఎత్తున చిల్లు చేసింది. 48 కిలోలు, అంటే సుమారు 61 లీటర్లు కారింది (తూకం). తడి సుమారు 12 చదరపు మీటర్లు. 14:09కి, 14:11కి మధ్య హెల్పరు జారిపడ్డాడు. కుడి ముంజేతి మీద 4 సెం.మీ. గీత, ప్రథమ చికిత్స, 15:40కి పనిలోకి వచ్చాడు. డ్రైవరు 14:16కి ఆఫీసు ల్యాండ్‌లైన్ నుంచి సూపర్‌వైజర్‌కు చెప్పాడు. ద్రవం చిల్లు దాకా దిగి 14:21కి లీకు ఆగింది. ముగ్గురు సిబ్బంది 14:24కి వచ్చి ప్యాడ్లు పరిచారు. ఆవిరి 14:31కి ఎల్ఈఎల్‌లో 14 శాతం, 15:05కి 2 శాతం. స్తంభం వంపు మీటరుకు 14 మి.మీ.; ర్యాక్ ఖాళీ చేశారు.”

మొదటి నివేదికలో ఏడు వాక్యాలుంటే ఇందులో పన్నెండు. పెరిగిన ఆ కాస్త చోటులో ఏ పరిమితి దాటింది, ఎక్కడ ఆలస్యమైంది, లీకును ఎవరూ ఆపలేదన్నది, ర్యాక్ వాడకూడదన్నది చదివేవాళ్లకు కనిపిస్తాయి.

ఈ నివేదిక చెప్పనివీ ఉన్నాయి. డ్రైవరు ఎందుకు వేగంగా వచ్చాడో ఇందులో లేదు. ఉండకూడదు కూడా, అది విచారణ తేల్చాలి. తర్వాత కొత్త సంగతి తెలిస్తే, ఉదాహరణకు ఇంకో కెమెరా వీడియో దొరికితే, పాత వాక్యాన్ని చెరిపి దిద్దకుండా, తేదీ, వేళ, రాసినవాళ్ల హోదాతో కింద అదనంగా చేర్చాలి. మొదటి రోజు ఏమి తెలుసు, తర్వాత ఏమి తెలిసింది అన్నవి రెండూ అప్పుడు చెక్కుచెదరకుండా ఉంటాయి.